హాస్టల్ గదిలో వ్యాయామం: తమ్ముడికి ఎనిమిది వారాల ప్లాన్

తమ్ముడూ, జిమ్ ఫీజు గురించి టెన్షన్ పడకు. నీ దగ్గరున్న 500 రూపాయలు చాలు. దాంతో 41 అంగుళాల రబ్బరు లూప్ బ్యాండ్ ఒకటి కొను, మీడియం బిగువుది. ఛాతీకి, కాళ్లకు మన ఒంటి బరువే సరిపోతుంది. వీపు గట్టిపడాలంటే మాత్రం దేన్నైనా లాగాలి, గదిలో లాగడానికేమీ ఉండదు. బ్యాండ్ అందుకే. డంబెల్స్, ప్రొటీన్ పౌడర్ ఇప్పుడు అక్కర్లేదు.

సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున ఆరింటికి చెయ్యి. మూడు రోజులూ ఇవే. ముందు ఐదు నిమిషాలు చేతులు, నడుము తిప్పి, మెల్లగా పది గుంజీలు తీసి ఒళ్లు వేడెక్కించుకో.

రోయింగ్: 4 సెట్లు, ఒక్కోటి 12 సార్లు. నేల మీద కాళ్లు చాపి కూర్చుని, బ్యాండ్‌ను పాదాలకు తగిలించి, మోచేతులు పక్కటెముకలకు ఆనుకునేలా వెనక్కి లాగు. చివర్లో ఒక్క క్షణం ఆగి, రెండు లెక్కపెడుతూ వదులు. నువ్వు రోజంతా లాప్‌టాప్ ముందు వంగి కూర్చుంటావు కాబట్టి ఏది మానేసినా ఇది మానకు.

పుషప్స్: 4 సెట్లు. నేల మీద ఎనిమిది రాకపోతే చేతులు మంచం అంచు మీద పెట్టి చెయ్యి, మంచం జరగకుండా గోడకు ఆనించు. నేల మీద 15 తేలిగ్గా వస్తే కాళ్లు మంచం మీద పెట్టు. అదీ తేలికైతే బ్యాండ్‌ను వీపు మీదుగా వేసి రెండు చివర్లూ అరచేతుల కింద నొక్కిపట్టు.

స్ప్లిట్ స్క్వాట్: వెనక కాలు మంచం మీద పెట్టి, ముందు కాలు మోకాలు వంచుతూ కిందికి దిగి లే. ఒక్కో కాలికి 3 సెట్లు, 10 సార్లు. పుస్తకాల బ్యాగ్ భుజానికి తగిలించుకుంటే బరువు పెరుగుతుంది. ఎగిరే వ్యాయామాలు వద్దు, కింది గదివాళ్లు నిద్రపోతుంటారు.

తర్వాత భుజాల ప్రెస్, అంటే బ్యాండ్‌ను తొక్కిపట్టి చేతులతో భుజాల దగ్గర్నుంచి తలపైకి నెట్టడం, 3 సెట్లు. చివర ప్లాంక్, అంటే మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం, 30 సెకన్ల చొప్పున మూడుసార్లు. సెట్ల మధ్య నిమిషంన్నర ఆగు.

ఇంకో రెండు సార్లు చేయగలను అనిపించినప్పుడే సెట్ ఆపు. ప్రతి వారం సెట్‌కు ఒకటి రెండు సార్లు పెంచి, నోట్‌బుక్‌లో రాసుకో. రాయకపోతే పోయిన వారం ఎన్ని చేశావో గుర్తుండదు, పెంచడమూ జరగదు. కీళ్లలో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ వ్యాయామం అక్కడితో ఆపేయ్.

తిండి విషయంలో మెస్ పప్పు, పెరుగు వదలొద్దు. గుడ్డుకు ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, రోజుకు రెండు తిను. గుప్పెడు వేయించిన శనగలో పల్లీలో గదిలో ఉంచుకో. రాత్రి కనీసం ఏడు గంటల పాటు నిద్రపో.

పరీక్షల వారంలో రోయింగ్, పుషప్స్ రెండేసి సెట్లు చాలు. బ్యాండ్‌ను ఎండలో ఆరేయకు, రబ్బరు పాడవుతుంది. లాగే ముందు ప్రతిసారీ పగుళ్లున్నాయేమో చూడు, తెగితే కంటికి తగులుతుంది.