అట్టడుగు దరఖాస్తు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఆన్‌లైన్ చెల్లింపులు చూసే ఒక సంస్థలో నియామకాల బాధ్యత వహించే మాధవి, పదోన్నతికి ఒకరిని సిఫారసు చేయవలసి వచ్చినప్పుడు, తడుముకోకుండా రమణ ఫైలు తెరిచింది. రెజ్యూమెలను వడపోసే సాఫ్ట్‌వేర్ అతనికి వేసిన మార్కులు నూటికి 31. ఆ విడతలో అంతకన్నా తక్కువ ఎవరికీ రాలేదు.

పిలిచినవారిలో ఇద్దరు రాకపోబట్టే అతనికి ఇంటర్వ్యూ దక్కింది. హిందూపురం మీసేవ కేంద్రంలో తాను చేసిన పనిని అతను "సర్వర్ ఆగితే డబ్బు ఎక్కడ నిలిచిందో కనుక్కోవడం" అని మామూలు మాటల్లో రాసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ వెతికే పదాలు అందులో లేవు. పనికి కావలసింది మాత్రం సరిగ్గా అదే.

దసరా రద్దీలో కొందరు ఖాతాదారులకు డబ్బు రెండుసార్లు కట్ అయిన రాత్రి, అందరూ బ్యాంకునే తప్పుపడుతుండగా, రమణ లాగ్‌లోని రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూపించాడు.

"మేడమ్, జవాబు ఆలస్యమైందని మన సిస్టమే మళ్లీ అడిగింది. రెండోసారి పాత లావాదేవీ నంబరే పంపాల్సింది, కొత్తది పంపింది. బ్యాంకు దాన్ని వేరే చెల్లింపు అనుకుంది."

తెల్లవారేలోగా అది సరిదిద్దారు. వాపసుల జాబితా పూర్తయ్యేదాకా అతను కుర్చీలోంచి లేవలేదు. ఆ పట్టుదలకు ఏ రెజ్యూమెలోనూ గడి ఉండదు.

సిఫారసు పంపేసి, మాధవి హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసింది.

"ఇప్పటి ఖాళీకి వచ్చిన దరఖాస్తుల్లో 40 మార్కుల లోపువన్నీ పంపండి."

"వందకు పైగా ఉన్నాయండీ."

"ఉండనివ్వండి. నేనే చదువుతాను, అప్పటిదాకా ఎవరికీ తిరస్కరణ మెయిల్ పంపకండి."