విషయం: శేత్‌తళే ప్రాజెక్టు నుంచి వనహక్కుల ప్రాజెక్టుకు మార్పు గురించి

సార్, నమస్తే.

మొన్న అహేరి మీటింగులో ఫారం సి క్లెయిముల పని వెనకబడిందని మీరన్నారు. అక్కడే అడుగుదామనుకున్నాను కానీ అందరి ముందు బాగుండదని ఊరుకున్నాను. నన్ను వనహక్కుల టీములోకి తీసుకోండి సార్.

ఇప్పుడు నేను సిరొంచ ఆఫీసులో కుంటల బిల్లులు, ఫోటోలు, నెల రిపోర్టులు చూస్తున్నాను. ఆ పని మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే ఎక్సెల్ వచ్చినవాళ్లు ఎవరైనా దాన్ని చేయగలరు. ఏటపల్లి వైపు ఊళ్లలో వనహక్కుల పని అలాంటిది కాదు. నాన్న అక్కడ కిరాణం నడిపినన్నాళ్లు కొట్లో కూర్చునే మాడియా భాష నేర్చుకున్నాను. మరాఠీ మీడియంలో చదివాను కాబట్టి ఫైలు రాయడానికీ ఇబ్బంది లేదు.

ఊరి హద్దు ఎక్కడిదాకా అని అడిగితే పెద్దలు వాగు పేరు, గుట్ట పేరు, దేవుడి గద్దె చెబుతారు. ఆ మాటలు రాసి పెడితే రూల్సు ప్రకారం అదీ సాక్ష్యమే. మన టీము వాటిని దుబాసీ ద్వారా వింటోంది. ఆ పేర్లు మరాఠీలోకి వచ్చేసరికి ఒక వాగు ఇంకో వాగైపోతోంది, జీపీఎస్ పట్టుకుని మళ్లీ అదే అడవి తిరగాల్సి వస్తోంది. పక్క ఊరు ఆ హద్దు మాదంటే రెండు ఊళ్ల వనహక్కుల కమిటీలు కలిసి కూర్చోవాలి. అక్కడ మధ్యలో దుబాసీ ఉంటే మాట పెరుగుతుందే గానీ తెగదు. వేసవి క్యాంపులో క్యూజీఐఎస్ నేర్చుకున్నాను, మాప్ కూడా నేనే గీయగలను.

ఇంకోటి. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. తునికాకు సీజన్లో వాళ్లను సభకు రప్పించడం మగవాళ్లు జీపు దిగి చెబితే అయ్యేది కాదు. ఆకు కోసే చోటికే వెళ్లి కూర్చోవాలి. ఆ పని నాకు వదిలేయండి.

చట్టం భాషలో అప్పీలు రాయడం మాత్రం నాకు రాదు, అది గడ్చిరోలి ఆఫీసులో వకీలు గారే చూడాలి.

నేను కదిలితే ఇక్కడి పని ఆగుతుందని మీకు టెన్షన్ ఉంటుంది. మార్చి క్లోజింగ్ నేనే పూర్తి చేస్తాను. ఆసరెల్లి సెంటర్లో బిల్లులు చూసే తమ్ముడికి ఈలోగా అన్నీ చూపిస్తాను, అతనికి సిరొంచ రావడం ఇష్టమే, అడిగాను. జీతం పెంచమని అడగడం లేదు. ఏటపల్లిలో ఉండటానికి ఇంట్లోవాళ్లూ ఒప్పుకున్నారు.

ఒకేసారి మార్చడం కష్టమైతే, రాబోయే హద్దుల నడకకు నన్ను పంపి చూడండి. ఆ మాప్, పెద్దల వాంగ్మూలాలు చూశాకే నిర్ణయించండి. శనివారం మీరు సిరొంచ వస్తున్నారు కదా, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక పావుగంట ఇస్తే ఎదురుగా కూర్చుని మాట్లాడతాను.

ఇట్లు,
ఎంఐఎస్ అసిస్టెంట్, సిరొంచ ఆఫీసు