తోడి పెళ్లికూతురు విషయం: లావణ్యకు మెసేజ్

లావణ్యా, ఫోన్ ఎత్తట్లేదు కాబట్టి రాస్తున్నా. మొత్తం చదివాక తిట్టు.

నా పక్కన తోడి పెళ్లికూతురుగా హాసినిని కూర్చోబెడుతున్నారని మా తమ్ముడి స్టేటస్ చూసి తెలుసుకున్నావట. నేను నీకు చెప్పేలోపే వాడు పెట్టేశాడు.

సంగతేంటంటే, మా నానమ్మ లెక్కలో తోడి పెళ్లికూతురంటే పెళ్లికాని పిల్లే ఉండాలి, అదీ ఇంటి పిల్లే. ఇంటర్‌లో మనం మాట అనుకున్నప్పుడు నీకూ పెళ్లి కాలేదు. మొన్న మాఘంలో అయింది. దాంతో ఆవిడ ముందు నా వాదన నిలబడలేదు. గట్టిగా అడిగితే భోజనం మానేసి కూర్చుంది. 82 ఏళ్ల మనిషితో అంతకంటే పోట్లాడలేను, పోట్లాడను కూడా.

"నాకంటే హాసిని ఎక్కువైందా" అని సంధ్యతో అన్నావట. దానికి పదేళ్లే! బుగ్గన చుక్క పెట్టుకుని కూర్చుంటుంది, తలంబ్రాల టైముకి నిద్రపోతుంది. ముహూర్తం రాత్రి 1:20కి మరి.

ఆ రోజు నాకు నువ్వు కావాల్సిన పనులు వేరే ఉన్నాయి. మంగళస్నానానికి ముందు మొదటి నలుగు నువ్వే పెట్టాలి. ముత్తైదువవి కదా, నానమ్మని అడిగేశా, సరేనంది. గౌరీపూజ నుంచి మావయ్య బుట్టలో ఎత్తుకెళ్లేదాకా నా దగ్గర నువ్వే ఉండాలి. పెద్దత్తయ్య ఉంటే కుచ్చిళ్ల మీద ఉపన్యాసం వినాలి, ఉన్న టెన్షన్ చాలు. జీలకర్ర బెల్లం అయ్యాక మధుపర్కాలు కట్టుకోవడానికి పావుగంట కూడా ఇవ్వరు. పూలజడ చెదరకుండా చీర మార్చడం మనలో నీకొక్కదానికే వచ్చు. నీ పెళ్లిలో నేను ప్రయత్నించి పిన్నులు ఎక్కడెక్కడ గుచ్చానో నీకు గుర్తుండే ఉంటుంది.

ఆ ఆకుపచ్చ మగ్గం వర్క్ బ్లౌజు కుట్టించేశావు కదా, అదే వేసుకో. హాసినికి పట్టులంగా వేరే రంగులో తీసుకోమని పిన్నికి చెప్పా.

ఇంకొకటి. కోపమొస్తే సంధ్యతో కాదు, నాతో అను.

లావణ్య: చదివా. హాసిని మీద నాకేం కోపం లేదే. అందరికీ తెలిసి నాకు తెలియకపోవడం, అదీ బాధ. మా అత్తగారు "నువ్వే కదా తోడి పెళ్లికూతురివి" అంటే తెల్లమొహం వేశా.

నేను: వాడి చేత ఆ స్టేటస్ తీయించేశా. మీ అత్తగారికి అమ్మే ఫోన్ చేసి నలుగుకి పిలుస్తుంది, ఆవిడనీ తీసుకురా.

లావణ్య: ఆంటీని ఈరోజే చేయమను. నలుగు ఎన్నింటికి?

నేను: పొద్దున్న ఆరున్నరకి. ముందు రోజు రాత్రికే వచ్చెయ్, నా గదిలో పడుకుందువు.

లావణ్య: వస్తా. సంధ్యకి నేను చెప్పుకుంటాలే. పిన్నులు మాత్రం నేనే తెస్తా, నీవన్నీ తుప్పు పట్టినవి.