విషయం: ప్రాచీన తెలుగు శాసన భాషపై డాక్టరేట్ పరిశోధన స్థానం గురించి తొలి పరిచయ లేఖ

గౌరవనీయులైన ఆచార్యులవారికి,

నమస్కారములు. ప్రాచీన తెలుగు శాసనాల ధ్వని చరిత్రపై మీ విభాగంలో ఖాళీగా ఉన్న డాక్టరేట్ స్థానానికి అభ్యర్థిగా ఈ లేఖ రాస్తున్నాను. పరిశోధనాసక్తిని రెండు వాక్యాల్లో చెప్పాలని, తొలి లేఖ తెలుగులోనే ఉండాలని మీరు ప్రకటనలో కోరారు. ఆ రెండు వాక్యాలు ఇవి:

రేనాటి శాసనాల్లో ఴకారం డకారంగా మారిన తీరు ఊరిని బట్టి, పదంలో దాని స్థానాన్ని బట్టి ఎలా తేడాపడిందో తెలుసుకోవాలనుకుంటున్నాను.
శాసనాలు రాసినవారు ఆ అక్షరాన్ని నోటి పలుకును అనుసరించి నిలిపారా, లేక పొరుగు కన్నడ రాతల అలవాటు కొద్దీ నిలిపారా అన్నది నా అసలు ప్రశ్న.

నాది కడప జిల్లా ప్రొద్దుటూరు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశాను. తెలుగు శాసనాల్లో అతి ప్రాచీనమైనదిగా చెప్పే కలమళ్ల శాసనం దొరికిన ఊరు మా ఇంటికి బస్సు దూరంలోనే ఉన్నా, దాని భాష ఎంత విలువైనదో నాకు ఎం.ఏ.లో గాని తెలియలేదు. సిద్ధాంత వ్యాసం కోసం 32 రేనాటి శాసనాల పాఠాలను అక్షరం అక్షరం సరిచూసి, ఴ ఉన్న ప్రతి మాటనూ, ఉండవలసిన చోట లేని ప్రతి మాటనూ విడిగా రాసుకున్నాను.

శాసనకర్తల రాత వారి పలుకు కంటే వెనకబడి ఉంటుందని మీరు మీ వ్యాసంలో వాదించారు. నేను దానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ఎంత వెనకబడి ఉందో తేల్చడానికి ఒక దారి ఉందని నా నమ్మకం. తమిళంలో కోఴి అన్నది మనకు కోడి, పొఴుదు అన్నది ప్రొద్దు. అచ్చుల నడుమ డకారం, హల్లుతో కలిసినచోట రేఫ వచ్చాయి. ప్రాంతం అనే అర్థమున్న నాడు అన్న మాటలో మాత్రం డకారం మొదటినుంచీ ఉన్నదే. ఎవరైనా నాడు అన్న మాటను కూడా ఴతో రాసి ఉంటే, ఆ ధ్వని అతని నోట అప్పటికే పోయిందనీ, అక్షరం చేతి అలవాటుగా మాత్రమే మిగిలిందనీ అనుకోవచ్చు. అటువంటి తప్పు ఎక్కడా చేయకుండా, చోఴ వంటి పేర్లలోనూ మామూలు మాటల్లోనూ ఉండవలసిన చోటనే రాస్తే, ఆ ధ్వని ఇంకా పలుకుబడిలో ఉందనడానికి అది బలమైన ఆధారం అవుతుంది. అందుకే శాసనాల్లోని తప్పులే నాకు ఒప్పుల కంటే ఎక్కువ పనికొస్తాయి.

కానీ ఆ తప్పు రాతిమీదదా, అచ్చు పుస్తకంలోదా అన్నది ముందు తేలాలి. జమ్మలమడుగు దారిలో ఒక గుడి వెనక ఉన్న వీరగల్లు పాఠంలో డకారం అని అచ్చయిన చోటును చూడడానికి కిందటి డిసెంబరులో తెల్లవారుజామున వెళ్లాను. రాయిని నీళ్లతో తడిపి టార్చిని పక్కవాటుగా పట్టినప్పుడు అక్షరం అడుగున లోపలికి తిరిగిన గీత ఒకటి కనిపించింది. పక్కనే పెచ్చు ఊడి ఉంది కాబట్టి అది ఴకారమేనని పట్టుబట్టి చెప్పలేను. ఛాయాచిత్రాలను జతచేస్తున్నాను. మీరు వాటిని ఎలా చదువుతారో తెలుసుకోవాలని ఎంతో ఆశగా ఉంది. (ఴకారం 2014లోనే యూనికోడ్‌లో చేరినా చాలా ఫాంట్లలో ఇప్పటికీ గడిగానే కనిపిస్తుంది, అందుకని లేఖను పీడీఎఫ్‌గా కూడా పంపుతున్నాను.)

హళెగన్నడ శాసనాలను నిఘంటువు సాయంతో చదవగలను. తమిళం ఈ ఏడాదే మొదలుపెట్టాను, ఇంకా నెమ్మదిగానే సాగుతోంది. జర్మన్ భాషలో ఏ2 స్థాయి పూర్తయింది. రాతిమీది శాసనాలకు కాగితంపై అచ్చుప్రతులు తీయడం ఒక శిక్షణ శిబిరంలో పది రోజులు నేర్చుకున్నాను.

రెండు సంగతులు తెలుపవలసిందిగా కోరుతున్నాను. టీవీ-ఎల్ ఈ13లో 65 శాతం వేతనంతో మూడేళ్ల ఉద్యోగం అని ప్రకటనలో ఉంది. ఆ కాలంలో రేనాటిలో క్షేత్రపరిశీలనకు ఒక సంవత్సరం వెచ్చించడానికి అనుమతి ఉంటుందా? రెండవది, భారతీయ విద్యార్థులకు విద్యార్థి వీసా కోసం 2022 నవంబరు నుంచి తప్పనిసరి అయిన ఏపీఎస్ ధ్రువపత్రం ఈ ఉద్యోగానికి కూడా కావాలా? కావాలంటే అది చేతికందడానికి సమయం పడుతుంది కాబట్టి ఇప్పుడే దరఖాస్తు చేస్తాను.

నా విద్యా వివరాలు, మార్కుల పత్రాలు, సిద్ధాంత వ్యాసంలో ఴకారాన్ని గురించిన అధ్యాయం ఈ లేఖతో పాటు పంపుతున్నాను. అధ్యాయమంతా చదివే తీరిక లేకపోతే 14వ పుటలోని పట్టిక ఒక్కటి చూడగలరని ప్రార్థన. నా ప్రశ్న అక్కడినుంచే పుట్టింది. పూర్తి దరఖాస్తును జనవరి 15 గడువులోపు పంపుతాను. ఈలోగా మీకు వీలైన రోజున అరగంట వీడియోలో మాట్లాడే అవకాశం ఇస్తే, భారత కాలమానం ప్రకారం ఏ వేళకైనా సిద్ధంగా ఉంటాను.

భవదీయురాలు,
లక్ష్మీప్రసన్న
ప్రొద్దుటూరు, కడప జిల్లా