కత్తెర పట్టకముందే చూపించండి

అమ్మాయిలూ,

శ్రావణం దగ్గర పడింది. మన సెంటర్‌కీ, మీలో ఇంటి దగ్గర మిషన్ పెట్టుకున్నవాళ్లకీ బ్లౌజులు కుప్పలుగా వస్తాయి. ఈ సీజన్‌లో కుట్టడం కంటే "ఏ మెడ పెట్టించుకోను?" అన్న దగ్గరే ఎక్కువ పొద్దు పోతుంది. అందుకే ఈ నోట్ రాస్తున్నాను.

మనకు బట్ట ఇచ్చే ఆడవాళ్లు తేల్చుకోలేకపోతే అది చాదస్తం కాదు. ఫోన్‌లో ఎవరో హీరోయిన్ బ్లౌజు చూపిస్తాం. ఆ బట్ట వేరు, రంగు వేరు, ఒళ్లు వేరు. తన చేతిలో ఉన్న ముక్క అలా కనబడుతుందో లేదో ఆమెకు తెలియదు. అందుకే "రేపొచ్చి చెప్తా" అని లేచి వెళ్లిపోతుంది. కాబట్టి ఆమె బట్ట మీదే ఆమెకు చూపించాలి.

దీనికి రెండు చార్టు షీట్లు చాలు. ఒకదాని మీద 36 సైజు బ్లౌజు వీపు భాగం, రెండో దాని మీద చెయ్యి గీసి, గీసిన మేర లోపలి కాగితం కత్తిరించి తీసెయ్యండి. షీట్‌లో బ్లౌజు ఆకారంలో కిటికీ మిగులుతుంది. బట్ట కింద పరిచి షీట్ పైన పెడితే, ఆ కిటికీలోంచి కనిపించేదే రేపటి బ్లౌజు. షీట్ అసలు సైజులోనే ఉండాలి. చిన్నదిగా చేస్తే నాలుగంగుళాల అంచు చెయ్యంతా కమ్మేసినట్టు కనబడి, ఆమె భయపడిపోతుంది. మెడలు మాత్రం విడిగా, పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితంతో కత్తిరించుకోండి: గుండ్రం, కుండ, పలక, బోట్. కిటికీ మీద పెట్టగానే ఆ ఖాకీ ముక్క ఒంటి రంగులా కనిపిస్తుంది. మెడ ఎంత లోతు వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

మొన్న గద్వాల చీర తెచ్చిన అక్కను మీలో కొందరు చూశారు. చీర నూలు, అంచూ కొంగూ పట్టు. కొడుకు పెళ్లికి కట్టుకోవాలి. బోట్ మెడా, కుండ మెడా అని చాలాసేపు ఊగిసలాడింది. షీట్ పెట్టి చూపిస్తే ఆమె బాధ మెడ గురించి కాదని తెలిసింది. అంచు రెండు చేతులకూ పోతే వీపు బోసిగా ఉంటుందని ఆమె బెంగ. చేతుల అంచు కాస్త సన్నం చేసి, మిగిలిన పట్టీ వీపు కింద పెట్టి చూపించాను. "ఇదే కుట్టు" అంది. మెడ సంగతి ఆ తర్వాత ఒక్క మాటలో తేలిపోయింది. సగం మందికి తేలనిది అంచు ఎక్కడ పెట్టాలన్నదే. ముందు అది చూపించండి.

ఒకేసారి పది రకాలు ముందు పెట్టకండి. ఎప్పుడు కట్టుకుంటారు, చెయ్యి ఎంత పొడవు ఉండాలి, వీపు ఎంత లోతు ఉంటే ఇబ్బంది ఉండదు అని ముందే అడిగి, రెండే చూపించండి. నచ్చకపోతేనే మూడోది. పెద్దవాళ్లు "లోతు వద్దు" అని నోరు తెరిచి చెప్పలేరు, వాళ్లకు తక్కువ లోతుతో మొదలుపెట్టండి. లైనింగ్, పైపింగ్, డోరీలకు అయ్యే డబ్బు కూడా అప్పుడే చెప్పెయ్యండి. నచ్చాక చెబితే మోసం చేసినట్టు అనిపిస్తుంది.

చాలా ఇళ్లలో చివరి మాట హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కూతురిది. షీట్ పెట్టి ఫోటో తీసి, పక్కన కాగితం మీద 1, 2 అని నంబరు వేసి, తల్లి ఫోన్ నుంచే వాట్సాప్‌లో పంపించమనండి. ఫోటో వరండాలో పగటి వెలుతురులో తియ్యండి, ట్యూబ్‌లైటు కింద రంగు మారిపోతుంది. ఫోన్ పక్కకు వాలితే అంచు వంకరగా కనబడుతుంది, నేరుగా పైనుంచి పట్టుకోండి. మనిషి ఫోటో మాత్రం అడగొద్దు. మనకు కావాల్సింది బట్టే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. ఆ ముక్కలో రానిది చూపించకండి. బట్ట చాలదని తెలిసీ మోచేతి దాకా చెయ్యి చూపించి, తర్వాత తగ్గిస్తే ఆ ఇంటి నుంచి ఇంకో బ్లౌజు రాదు. షీట్ మీద ఫిట్టింగ్ తెలియదు, డాట్లు ఎలా కూర్చుంటాయో తెలియదు. దానికి కొలతలూ ట్రయలే దిక్కు, ఆ సంగతి కూడా చెప్పండి. లంగాలకూ లాంగ్ ఫ్రాకులకూ ఈ షీట్ పనికిరాదు. బట్ట కొయ్యకుండానే బొమ్మకు కుచ్చిళ్లు పెట్టి పిన్నులు గుచ్చి చూపించాలి.

తేలగానే ఏ నంబరు ఫోటో అన్నది బిల్లు పుస్తకంలో రాసి, ఆమెకు చదివి వినిపించి, అప్పుడే కత్తెర పట్టండి. ట్రయల్ రోజు "నేనిలా చెప్పలేదు" అన్న గొడవ ఉండదు.

సోమవారం అందరూ రెండు చార్టులు, ఒక ఖాకీ షీటు, ఇంట్లో ఉన్న అంచు చీర ఒకటి తెచ్చుకోండి. కిటికీలు క్లాసులోనే కత్తిరిద్దాం.

మీ కుట్టు టీచర్