పోయింది: మావయ్యగారి కుడి చెవి మిషను (సి బ్లాకు 304, శనివారం ఆగస్టు 9 సాయంత్రం)

అందరికీ నమస్కారమండి. మా మావయ్యగారి చెవి మిషన్లలో కుడివైపుది పడిపోయింది. 5:40కి పార్కింగ్ కెమెరాలో రెండు చెవులకీ ఉన్నాయి. 6:25కి చూస్తే కుడి చెవికి లేదు. ఈలోపు ఆయన తిరిగిన చోట్లు: సి బ్లాకు లిఫ్టు, పార్కింగ్, వెనక గేటు, కాలవ గట్టు మీద పాల బూత్ దాకా. వాన మొదలయ్యాక మళ్లీ లోపలికి వచ్చి, డాబా మీద బట్టలు తీసుకొచ్చారు.

చెవి వెనక తగిలించుకునే రకం. పెద్ద జీడిపప్పు ఆకారం, ఇంచీ పైన పొడవు, లేత గోధుమ రంగు. దానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం, చివర చెవిలో పెట్టుకునే పారదర్శకమైన అచ్చు ఉంటాయి. కుడిదని తెలిసేలా ఎర్ర చుక్క ఉంది. మన పార్కింగ్ టైల్సూ అదే రంగు కాబట్టి నిలబడి చూస్తే కనబడదు. సెల్ టార్చి నేలకి ఆనించి అడ్డంగా వేస్తే నీడ పడుతుంది.

కళ్లజోడు కాడా మిషనూ ఒకే చోట ఉంటాయి. వానకి తడిసిన కళ్లజోడు లాగినప్పుడు దాంతోపాటు ఊడి ఉండాలి. ఆ సమయంలో డాబా మీద బట్టలు తీసుకున్నవాళ్లు దయచేసి బకెట్టు, దుప్పటి మడతలు, చొక్కా జేబులు ఒకసారి దులిపి చూడండి. వాషింగ్ మెషీన్‌లో పడితే ఇక పనికిరాదు. బ్యాటరీ గురువారమే మార్చాం. తడవకపోతే ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, అరచేతిలో మూసిపెడితే సన్నగా కీ మంటుంది. బట్టల మధ్య ఉన్నా కూయవచ్చు, అందుకే రాత్రి ఫ్యాను ఆపి వినండి.

దొరికితే కడగొద్దు, ఎండలో పెట్టొద్దు, బియ్యంలో వేయొద్దు, నూక గొట్టంలోకి పోతుంది. పొడి గుడ్డతో తుడిచి, కింది చిన్న తలుపు తెరిచి బ్యాటరీ బయటికి తీసి, విడిగా ఉంచండి చాలు.

పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది తప్పక చూడండి: లోపలిది గుండ్రటి 13 నంబరు బ్యాటరీ, బఠాణీ గింజంత. మింగితే కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గేటు దగ్గర కుక్కలు కూడా గుబిలి వాసనకి ఇలాంటివి కొరుకుతాయి, వాటి దగ్గర ముక్కలేమైనా కనబడితే చెప్పండి.

ఆయన వినికిడికి తగ్గట్టు కంప్యూటర్‌లో సరిచేసిన మిషను, ఇంకొకరికి అక్కరకు రాదు. ఒక చెవితో హారన్ ఏ వైపునుంచి వస్తోందో ఆయనకి తెలియదు, అందుకే జువ్వలపాలెం రోడ్డు వైపు ఒంటరిగా పంపడం లేదు.

రేపు ఉదయం ఊడ్చిన చెత్త 8 వరకు బండికి ఎక్కించకుండా ఉంచమని వాచ్‌మన్‌తో చెప్పాను, మేమే జల్లెడ పడతాం. దొరికినవాళ్లు ఇంటర్‌కంలో 304కి చెప్పండి, లేదా వాచ్‌మన్ గదిలో ఇవ్వండి, ఏ వేళైనా సరే. సీరియల్ నంబరు మా బిల్లుతో సరిచూసుకుంటాం. దొరికిన వెంటనే ఇక్కడే రాస్తాను, అందరూ వెతకడం ఆపేయవచ్చు.