30వ సంవత్సర వర్షఫల పత్రిక: ప్రేమ, దాంపత్య విషయాల పరిశీలన

విశాఖపట్నం, పరాభవ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ విదియ, శుక్రవారం (2026 మార్చి 20)

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతికి శుభాశీస్సులు.

అమ్మా, ఉగాదికి ముందు మీరు వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే. మూడేళ్ళుగా మధురవాడలో మీతో కలిసి పనిచేస్తున్న వ్యక్తితో ఏర్పడిన అనుబంధం, మీ ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియని ఆ అనుబంధం, ఈ సంవత్సరం ఏ దారి పడుతుందని అడిగారు. అందువల్ల ఈ పత్రికలో ఉద్యోగం, ధనం, ఆరోగ్యం జోలికి వెళ్ళకుండా ఆ ఒక్క విషయానికి సంబంధించిన భావాలనే పరిశీలించాను.

మీ జననం 1997 మార్చి 22, శనివారం, ఉదయం 8 గంటల 6 నిమిషాలకు, విశాఖపట్నంలో. అప్పుడు సూర్యుడు మీనంలో ఏ భాగలో, అంటే ఏ డిగ్రీలో ఉన్నాడో మళ్ళీ సరిగ్గా అక్కడికి చేరే క్షణమే వర్షప్రవేశం. నక్షత్రాల ఆధారంగా లెక్కించే నిరయన సౌర సంవత్సర మానం 365 రోజుల 6 గంటల 9 నిమిషాల 10 సెకన్లు. ఆ లెక్కన 29 సంవత్సరాలు నిండి 30వ సంవత్సరం ప్రవేశించేది ఎల్లుండి, మార్చి 22 ఆదివారం, సాయంత్రం 6 గంటల 32 నిమిషాలకు. మీరు సెల్‌ఫోనులో చూసుకున్న సోలార్ రిటర్న్ చక్రం అదే రోజు ఉదయం ఎనిమిదిన్నర దాటాక వేసినట్టు ఉందని, రెంటికీ పొంతన లేదని అన్నారు. అది తప్పు కాదు. పాశ్చాత్యులది విషువత్తు ఆధారంగా లెక్కించే సాయన గణితం. అయన చలనం వల్ల రెండు లెక్కల మధ్య ఏడాదికి 20 నిమిషాలకు పైగా తేడా వస్తుంది, 29 ఏళ్ళకు అది దాదాపు పది గంటలవుతుంది. నేను వర్షఫలం చెప్పే తాజిక పద్ధతిని అనుసరించే వాణ్ణి కాబట్టి నిరయన కాలాన్నే తీసుకున్నాను. మీరు పుట్టిందీ, పుట్టినరోజు నాటికి ఉండేదీ ఈ ఊరే కావడం వల్ల ఏ స్థలానికి చక్రం వేయాలన్న చర్చ ఇక్కడ అవసరం లేదు.

ఆ క్షణానికి విశాఖలో సూర్యాస్తమయం జరిగి ఇరవై అయిదు నిమిషాలు దాటుతుంది. తూర్పున కన్యా లగ్నం ఉదయిస్తూ ఉంటుంది. సప్తమమైన మీనంలో రవి, శని, శుక్రులు ముగ్గురూ ఉన్నారు. దశమమైన మిథునంలో గురువు, షష్ఠమైన కుంభంలో బుధ కుజ రాహువులు, వ్యయమైన సింహంలో కేతువు, అష్టమమైన మేషంలో భరణీ నక్షత్రంలో చవితి చంద్రుడు ఉన్నారు.

ఈ చక్రం చూడగానే నా దృష్టి మీన రాశి మీద నిలిచింది. దానికి కారణం మీ జన్మ కుండలిలో ఉంది. మీది మేష లగ్నం. సప్తమాధిపతి అయిన శుక్రుడు, రవితోనూ శనితోనూ కలిసి, పన్నెండవ ఇంట మీనంలోనే ఉన్నాడు. ఉచ్ఛ పొందాడు గానీ రవికి మూడు భాగల దూరంలో ఆయన కాంతిలో కలిసిపోయి అస్తంగతుడయ్యాడు. ప్రేమకు లోటు లేని జాతకం ఇది, కానీ ఆ ప్రేమ వెలుగులోకి రావడానికి జంకే జాతకం కూడా. పన్నెండవ ఇల్లు గోప్యానికి స్థానం. మీరు మూడేళ్ళు ఎవరికీ చెప్పకుండా ఉన్నారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇప్పుడు అదే మీనం, అదే ముగ్గురు గ్రహాలతో, వర్ష చక్రంలో కళత్ర స్థానంగా నిలిచింది. పైగా శుక్రుడు ఈసారి రవికి 18 భాగల దూరంలో ఆ మౌఢ్యం విడిచి, పరమోచ్ఛ అయిన 27వ భాగకు ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. జన్మ కుండలిలో దాగి ఉన్నది ఈ సంవత్సరం ముంగిట్లోకి వస్తుంది. ఈ పత్రికలో నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

ఏడాదికి అధిపతి అయిన వర్షేశుని నిర్ణయం కూడా దీనికే బలం ఇస్తోంది. జన్మ లగ్నం నుంచి ఏడాదికొక రాశి చొప్పున నడిచే ముంథ 29 రాశులు కదిలి కన్యలో, అంటే సరిగ్గా వర్షలగ్నంలో పడింది. కనుక ముంథాధిపతీ, వర్షలగ్నాధిపతీ బుధుడే. జన్మలగ్నాధిపతి కుజుడు. రాత్రి వర్షప్రవేశం కావడంతో చంద్రుడున్న మేషానికి అధిపతిగా కూడా కుజుడే వస్తాడు. పగలు, రాత్రిని బట్టి లగ్నానికి వచ్చే త్రిరాశిపతి, రాత్రి కన్యా లగ్నానికి శుక్రుడు. వీరిలో బుధ కుజులు ఆరవ ఇంట ఉండి లగ్నాన్ని చూడలేరు. లగ్నాన్ని సూటిగా చూసేది ఉచ్ఛలో ఉన్న శుక్రుడొక్కడే. కాబట్టి ఈ సంవత్సరానికి వర్షేశుడు శుక్రుడు. ఆయన ద్వితీయ, నవమాధిపతి, అంటే కుటుంబానికీ తండ్రికీ కారకుడై కళత్ర స్థానంలో కూర్చున్నాడు. మీ నాన్నగారి గురించి మీరు పడుతున్న భయం కంటే ఆయన మనసు మెత్తనిదని ఈ చక్రం చెబుతోంది.

శని మాటకు వస్తాను. మీది సింహ రాశి కాబట్టి అష్టమ శని నడుస్తోందని, ఈ రోజుల్లో పెళ్ళి ఊసు ఎత్తవద్దని ఇంట్లో పెద్దలు అని ఉంటారు. వారి జాగ్రత్తను నేను తోసిపుచ్చను. అయితే వర్ష చక్రంలో ఆ శనే పంచమాధిపతి. అయిదవ ఇల్లు ప్రేమకు, ఏడవ ఇల్లు వివాహానికి. పంచమాధిపతి సప్తమంలో ఉండడమంటే మనసులోని ఇష్టం బాధ్యత వైపు నడవడం. దాదాపు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళకు ఒకసారి రాశిచక్రాన్ని చుట్టివచ్చే శని, మీరు పుట్టినప్పుడు ఉన్న స్థానాన్ని ఈ ఏడాదే మళ్ళీ తాకుతున్నాడు. ఈ వయసులో వచ్చే నిర్ణయాలు ఆలస్యంగా వస్తాయి, వచ్చాక నిలబడతాయి. రవికి మరీ దగ్గరగా అస్తంగతుడై ఉన్నందువల్ల మాత్రం, ఆ అబ్బాయి తరఫు పెద్దల్లో ఒకరి పట్టుదల వల్ల కొంత కాలయాపన తప్పదు. దాన్ని నిరాకరణగా మీరు అర్థం చేసుకోకూడదు.

యోగాల్లో రెండు చెప్పుకోదగ్గవి. లగ్నాధిపతి బుధుడు కుంభంలో 14వ భాగ దాటి ఉన్నాడు, సప్తమాధిపతి గురువు మిథునంలో 21వ భాగ వద్ద ఉన్నాడు. వేగంగా నడిచే బుధుడు నెమ్మదిగా నడిచే గురువు వైపు, మిత్ర దృష్టిలో, దృష్టి పనిచేసే హద్దులైన దీప్తాంశల లోపలే సాగుతున్నాడు. ఇది ఇత్థశాల యోగం. వివాహ ప్రశ్నలకు తాజికంలో నేను మొదట వెతికేది దీనినే. మీ అంతట మీరు కదిలితే ఎదుటివారు అందుకుంటారని దీని భావం. వక్రగతిలో ఉన్న బుధుడు ఈ రోజే వక్రం విడిచి ముందుకు తిరుగుతున్నాడు. మీ గొంతు పెగలని కాలం ముగుస్తోందని దానిని నేను చదువుకున్నాను. రెండవది శుక్ర గురువుల మధ్య ఈసరాఫం. శుక్రుడు గురువును దాటి అయిదు భాగలు ముందుకు వెళ్ళిపోయాడు, అదీ శత్రు దృష్టిలో. ఇదివరకే ఒకసారి మీ ఇద్దరి మధ్య పెళ్ళి మాట వచ్చి, ఏదో కారణంతో చల్లారి ఉండాలి. ఆ పాత మాటను పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టకండి, కొత్తగా మాట్లాడండి.

ఇబ్బంది ఉన్నది ఆరవ ఇంట. లగ్నాధిపతి అక్కడ కుజ రాహువుల మధ్య చిక్కుకున్నాడు. ఈ సంవత్సరం మీ ఇద్దరి మధ్య వచ్చే తగాదాలన్నీ మాట వల్లనే వస్తాయి, మనసు మారడం వల్ల రావు. ఆఫీసులో మూడో మనిషి చేరవేసిన సంగతులు, అర్ధరాత్రి షిఫ్టు ముగిశాక వాట్సాప్‌లో రాసుకునే పొడవాటి సందేశాలు, ఒకరి పని ఒత్తిడిని మరొకరు ఉపేక్షగా భావించడం, ఇవన్నీ ఈ కలయిక ఫలితాలే. కోపం వచ్చిన రోజున రాయకండి. ఎదురుగా కూర్చుని మాట్లాడుకోండి. లాభాధిపతి చంద్రుడు అష్టమంలో ఉన్నందువల్ల స్నేహితుల మధ్యవర్తిత్వం మీకు పెద్దగా కలిసిరాదు. చంద్రుడున్న భరణి శుక్ర నక్షత్రం కనుక హాని మాత్రం జరగదు.

కాల నిర్ణయానికి వర్ష చక్రంతో పాటు గోచారాన్ని కలిపి చూశాను. ఏప్రిల్ 19న, సింహాచలం చందనోత్సవపు రోజుల్లోనే, శుక్రుడు తన స్వక్షేత్రమైన వృషభంలో ప్రవేశిస్తాడు. అది మీ వర్షలగ్నానికి నవమం, తండ్రి స్థానం. గురువు అప్పటికి మీ జన్మరాశికి పదకొండవ ఇంట ఉంటాడు, గురుబలం ఉంటుంది. ఇంట్లో చెప్పడానికి ఏప్రిల్ 19 నుంచి మే రెండో వారం లోపు సమయం మీకు శ్రేష్ఠం. ముందు అమ్మగారికి, తరువాత నాన్నగారికి చెప్పండి. మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం కాబట్టి శుభకార్యాల ప్రస్తావన పెట్టరు. ఆ నెల రోజులు పెద్దలు ఆలోచించుకోవడానికి పనికివస్తాయి.

జూన్ 2న గురువు కర్కాటకంలో ఉచ్ఛ స్థితికి వస్తాడు. వర్షలగ్నానికి లాభ స్థానంలో ఉండి, ఏడవ దృష్టితో మీ పంచమాన్నీ, తొమ్మిదవ దృష్టితో సప్తమాన్నీ ఒకేసారి చూస్తాడు. జూన్ 9న శుక్రుడు కూడా ఆ రాశిలోనే గురువును కలుసుకుంటాడు. ఆనాటి సాయంత్రం మబ్బు పట్టకపోతే, సింహాచలం కొండల వైపు పడమటి ఆకాశంలో రెండు ప్రకాశమైన చుక్కలు పక్కపక్కనే మీకు కనిపిస్తాయి. మీ వర్షేశుడూ మీ సప్తమాధిపతీ వారే. జన్మరాశి నుంచి చూస్తే ఇది వ్యయ గురువని అంటారు, ఖర్చు విషయంలో ఆ మాట నిజమే. అయినా సంబంధం కుదరడానికి నేను వర్షలగ్నం నుంచి వచ్చే దృష్టికే ఎక్కువ విలువ ఇస్తాను.

జూలై మధ్య నుంచి ఆగస్టు రెండో వారం వరకు గురు మౌఢ్యమూ, ఆషాఢమూ కలిసి వస్తాయి. రెండు కుటుంబాలు కూర్చుని మాట్లాడుకోవడానికి ఆగస్టు 13న మొదలయ్యే శ్రావణ మాసం మంచిది. నిశ్చయ తాంబూలాలు కూడా సెప్టెంబరు 11 లోపు జరిగిపోవడం మేలు. ఎందుకంటే అక్టోబరు 3 నుంచి నవంబరు 14 వరకు వర్షేశుడైన శుక్రుడు, మీ జన్మ సప్తమమైన తులలో వక్రించి, చివరి రోజుల్లో కన్యలోకి వెనక్కి వెళతాడు. దసరా, దీపావళి రెండూ వచ్చే ఆ ఆరు వారాల్లో మనసు వెనక్కి లాగుతుంది. పాత పరిచయం ఒకటి పలకరించవచ్చు, కుదిరిన మాట మీద సందేహం పుట్టవచ్చు. అప్పుడు అవునని గానీ కాదని గానీ తేల్చవద్దు. డిసెంబరులో రాహువు పంచమమైన మకరానికి మారాక మనసు చంచలమయ్యే అవకాశం ఉంది, కనుక అప్పటికి మాట ఖాయమై ఉండాలన్నది నా అభిప్రాయం. వివాహ ముహూర్తానికి తొందర లేదు. దానిని ఇద్దరి జాతకాలూ చూసి వేరుగా నిర్ణయించాలి.

ఈ ఫలితాలు 2027 మార్చి 22 అర్ధరాత్రి దాటి, 31వ సంవత్సరం ప్రవేశించే వరకు వర్తిస్తాయి. పరిహారంగా పెద్ద శాంతులేవీ అవసరం లేదు. ఇత్థశాలం ఉన్న గురువు కోసం గురువారం, వర్షేశుని కోసం శుక్రవారం సంపత్ వినాయక స్వామి గుడిలోనో, కురుపాం మార్కెట్ దగ్గరి కనకమహాలక్ష్మి అమ్మవారి సన్నిధిలోనో కాసేపు కూర్చుని రండి. చందనోత్సవం తరువాత మళ్ళీ వచ్చేటప్పుడు ఆ అబ్బాయి పుట్టిన తేదీ, సమయం, ఊరు రాసుకొని తీసుకురండి. అతని వర్ష చక్రంలో సప్తమం ఎలా ఉందో చూసిన తరువాతే శ్రావణంలో ఏ రోజు కూర్చోవాలో చెబుతాను.